‘చూసుకో’ అంటే చాలదు
పని అప్పగించే చీటీలో ఏముండాలి?



మన ఇళ్లలోనూ విచారణల్లోనూ తరచుగా వినబడే మాట ఒకటుంది: "ఆ సంగతి నువ్వు చూసుకో." పండుగ భోజనాలు నువ్వు చూసుకో. అమ్మను ఆసుపత్రికి తీసుకెళ్లే సంగతి నువ్వు చూసుకో. ఈ మాట అన్నవారికి నెత్తిమీది బరువు దిగినట్లుంటుంది. విన్నవారు పెద్దలమీద గౌరవంతో "సరేనండి" అంటారు. అక్కడితో ఇద్దరూ పని మొదలైందనే అనుకుంటారు. నిజానికి ఇంకా ఏమీ మొదలు కాలేదు.

ఎందుకంటే ‘చూసుకో’ అనే మాటలో నాలుగు ప్రశ్నలు దాగి ఉన్నాయి. పని పూర్తయ్యేసరికి ఏమి జరిగి ఉండాలి? నేను ఎంతవరకు సొంతంగా నిర్ణయించవచ్చు? ఎప్పటికి కావాలి? సందేహం వస్తే ఎవరిని అడగాలి? అప్పగించినవారి మనసులో ఈ నాలుగింటికీ జవాబులున్నాయి. పని తీసుకున్నవారి మనసులోనూ ఉన్నాయి. కాని ఆ జవాబులు, ఈ జవాబులు ఒకటి కావు. తేడా ఎప్పుడు బయటపడుతుందంటే, పని చెడిన తర్వాత. అప్పుడు "నేను చెప్పింది ఇది కాదు" అని ఒకరు, "మీరు అసలు చెప్పనే లేదు" అని మరొకరు అంటారు. ఆ కుర్రవాడు మరుసటి సంవత్సరం ఏ పనికీ ముందుకు రాడు. విచారణకు జరిగే అసలు నష్టం ఇదే. చెడిన కూరను ఒక పూటలో మరచిపోతాము. మనసు విరిగి వెళ్లిపోయిన మనిషిని తిరిగి తెచ్చుకోవడం కష్టం.

ఈ వారం పాఠంలో ఒకే ఒక ఉదాహరణ తీసుకొని, ఆ నాలుగు జవాబులను కాగితం మీద ఎలా పెట్టాలో చూద్దాము.

ఒక విచారణ పండుగ

ఒక పల్లెటూరి విచారణ అనుకుందాం. జనవరి 28, ఆదివారం విచారణ పండుగ. ఉదయం 9 గంటలకు ప్రదక్షిణ, ఆ తర్వాత దివ్యబలిపూజ. పూజ 11.30కు ముగుస్తుందని అంచనా. పిమ్మట అందరికీ భోజనం. చుట్టుపక్కల రెండు గ్రామాల నుండి సుమారు 120 మంది వస్తారు. వారు తిరిగి వెళ్లడానికి మధ్యాహ్నం 2.30కు ఒకే బస్సు ఉంది. పండుగ కమిటీ అధ్యక్షులు పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయులు. ఆయన భోజనాల పని యువజన సంఘ కార్యదర్శికి అప్పగించాలనుకున్నారు. "భోజనాలు నువ్వు చూసుకో బాబూ" అని ఊరుకోకుండా ఒక చీటీ రాసి ఇచ్చారు. ఆ చీటీ ఇలా ఉంది:

7 జనవరి

బాబూ,

28వ తేదీ ఆదివారం మన పండుగ భోజనం ఏర్పాటు నీకు అప్పగిస్తున్నాను.

జరగవలసినది: 400 మంది కడుపునిండా తినాలి. పూజ అయ్యాక అరగంటలోపు, అంటే 12 గంటలకు, మొదటి బంతి కూర్చోవాలి. బంతికి 100 మంది చొప్పున నాలుగు బంతులు. ఊళ్ల నుండి వచ్చినవారు తిని, తొందర లేకుండా 2.30 బస్సు అందుకోవాలి. భోజనంలో అన్నం, కోడికూర అందరికీ ఉండాలి.

హద్దులు: మొత్తం ఖర్చు 48,000 రూపాయలకు మించకూడదు. వంటమనిషికి 5,000 వరకు బయానా నువ్వే ఇవ్వవచ్చు. ప్రతి కొనుగోలుకు రసీదు కావాలి. గుడి పేరు మీద ఎవరి దగ్గరా చందా గాని, వస్తువు గాని తీసుకోవద్దు. వంట పొయ్యిలు షామియానాకు, బడి వరండాకు దూరంగా మైదానం దక్షిణం వైపే పెట్టించు. ఈ నాలుగు తప్ప మిగిలినవన్నీ నీ ఇష్టం. వంటమనిషి ఎవరు, తక్కిన వంటకాలు ఏమిటి, వడ్డనకు ఎవరెవరు అనేవి నన్ను అడగనక్కరలేదు.

తేదీలు: సంక్రాంతికి ముందు, 12వ తేదీ శుక్రవారం లోపల వంటమనిషి కుదరాలి. 21వ తేదీ ఆదివారం పూజ అయ్యాక వచ్చేవారి లెక్క నాకు చెప్పు. 27 సాయంత్రానికి సరుకులన్నీ గుడి దగ్గరకు చేరాలి. ఫిబ్రవరి 4 ఆదివారం లెక్కలు, మిగిలిన డబ్బు, అరువు తెచ్చిన గిన్నెలు అప్పగిస్తే నీ బాధ్యత ముగిసినట్లు.

అడగవలసినవారు: డబ్బు విషయమైతే కోశాధికారిగారు. మరేదైనా అయితే నేను. 17 నుండి 20 వరకు నేను ఊళ్లో ఉండను. ఆ రోజుల్లో ఉపదేశిగారు నాకు బదులుగా నిర్ణయిస్తారు. పండుగనాడు ఎవరూ చేతికి దొరకకపోతే, ఊళ్లవారికి బస్సు అందేలా నీకు తోచినట్లు చెయ్యి. తర్వాత నేను జవాబు చెప్పుకుంటాను.

చీటీ ఇంతే. రాయడానికి అరగంట పట్టి ఉంటుంది. ఇక దీనిలోని ఒక్కొక్క భాగాన్ని పరిశీలిద్దాము.

ఫలితం రాయాలి, పద్ధతి కాదు

చీటీలో మొదటి భాగం ఏమి చేయాలో చెప్పడం లేదు. చివరికి ఏమి జరిగి ఉండాలో చెబుతోంది. "బియ్యం ఇన్ని కిలోలు కొను, ఫలానా కొట్టుకు వెళ్లు, పొద్దున ఇన్ని గంటలకు పొయ్యి వెలిగించు" అని రాయలేదు. అవి వంటమనిషికి అధ్యక్షులవారికంటె బాగా తెలుసు. తత్త్వశాస్త్రంలో లక్ష్యం వేరు, దానిని చేరే మార్గం వేరు అని మొదటి తరగతుల్లోనే నేర్పుతారు. పని అప్పగించడంలో ఈ తేడా చాలా ముఖ్యం. లక్ష్యం చెప్పి మార్గం వదిలితే, అవతలివారు తమ బుద్ధిని ఉపయోగిస్తారు. మార్గం చెప్పి లక్ష్యం దాచితే, మార్గం మూసుకుపోయిననాడు ఎటు వెళ్లాలో తెలియక నిలబడిపోతారు.

రెండవ సంగతి కూడా గమనించండి. "భోజనాలు బాగా జరగాలి" అని రాయలేదు. ‘బాగా’ అనేదానికి కొలత లేదు. 400 మంది, 12 గంటలు, అన్నం, కోడికూర, 2.30 బస్సు అనేవాటికి కొలత ఉంది. పండుగ అయిన సాయంత్రం ఎవరైనా సరే "ఇది జరిగింది", "ఇది జరగలేదు" అని చెప్పగలరు. మీరు రాసిన ఫలితం సరిగా ఉన్నదో లేదో తెలుసుకోవడానికి ఇదే పరీక్ష. మూడవ మనిషి వచ్చి చూసి అవును, కాదు అని చెప్పగలిగితే అది ఫలితం. చెప్పలేకపోతే అది కోరిక మాత్రమే.

అన్నిటికంటె విలువైన మాట బస్సు గురించినది. అది 12 గంటలకు భోజనం ఎందుకు మొదలు కావాలో చెబుతోంది. కారణం తెలిసినవాడు, అనుకోనిది జరిగినప్పుడు కూడా సరైన నిర్ణయం తీసుకోగలడు. దాని ఉపయోగం కొద్దిసేపట్లో చూస్తాము.

హద్దులు స్వేచ్ఛనిస్తాయి

హద్దులు రాస్తే అవతలివారిని నమ్మనట్లుంటుందని చాలామంది మొహమాటపడతారు. జరిగేది దీనికి వ్యతిరేకం. హద్దు ఎక్కడుందో తెలియనివాడు రెండింటిలో ఒకటి చేస్తాడు. ప్రతి చిన్నదానికీ వచ్చి అడుగుతాడు, లేదా అడగకుండా పెద్ద ఖర్చు చేసి మాట పడతాడు. 5,000 వరకు బయానా ఇవ్వవచ్చని తెలిసినవాడు వంటమనిషి ఎదుట ధైర్యంగా కూర్చొని బేరం చేస్తాడు. "ఈ నాలుగు తప్ప మిగిలినవన్నీ నీ ఇష్టం" అన్న వాక్యం ఈ చీటీకి వెన్నెముక వంటిది. ఆ వాక్యం లేకుంటే హద్దుల పట్టిక ఎంత పొడవున్నా, బయట ఇంకెన్ని కనబడని హద్దులున్నాయో అని అవతలివారు భయపడుతూనే ఉంటారు.

అయితే ఎన్ని హద్దులు రాయాలి? దాటితే తిరిగి సరిదిద్దలేనివి మాత్రమే రాయాలి. డబ్బు దాటిపోతే గుడి అప్పుల్లో పడుతుంది. గుడి పేరుతో చందా వసూలైతే విచారణ మాట పోతుంది. షామియానా పక్కన పొయ్యి పెడితే నిప్పు ప్రమాదం. రసీదులు లేకపోతే, ఎంత నిజాయితీపరుడైనా నింద తప్పదు. వంకాయ కూరా, బెండకాయ వేపుడా అన్నది హద్దు కాదు, రుచి మాత్రమే. మన రుచులను హద్దులుగా రాస్తే పని అప్పగించినట్లు కాదు, చేతులు కట్టి పొలంలో దించినట్లు.

ఈ విషయంలో శ్రీసభ చట్టం నుండి నేర్చుకోదగినది ఒకటుంది. 1983లో వెలువడిన చట్టగ్రంథంలో, ఒకరి అధికారాన్ని మరొకరికి అప్పగించడం గురించి కొన్ని నిబంధనలున్నాయి. 133వ నిబంధన ప్రకారం, అప్పగింత పొందిన వ్యక్తి తనకిచ్చిన విషయాల హద్దును గాని, వ్యక్తుల హద్దును గాని దాటి చేసిన పని చెల్లదు. కాని అదే నిబంధన మరొక మాట కూడా చెబుతుంది. చెప్పిన పద్ధతిలో కాక వేరే పద్ధతిలో చేసినంత మాత్రాన హద్దు దాటినట్లు కాదు. ఆ పద్ధతిలో చేస్తేనే చెల్లుతుందని అప్పగించినవారు నిర్ణయించి ఉంటే తప్ప. చూశారా, హద్దు వేరు, పద్ధతి వేరు అన్న తేడాను చట్టం ఎంత జాగ్రత్తగా కాపాడిందో! అధ్యక్షులవారి చీటీ చేసినది కూడా ఇదే.

కాగితం మీద ఎందుకు?

"నోటితో చెబితే సరిపోదా ఫాదర్ గారూ?" అని కొందరు అడగవచ్చు. మన కుటుంబాలకు బాగా తెలిసిన సందర్భంతోనే జవాబు చెబుతాను. మీ అమ్మాయి వివాహాన్ని వేరే విచారణలో పనిచేసే మీ బంధువైన గురువు జరిపించాలని కోరుకుంటారు. ఆయన గురువే అయినా, మీ విచారణ పరిధిలో పెళ్లి జరిపించడానికి పీఠాధిపతి గాని, మీ విచారణ గురువు గాని ఆ అధికారాన్ని ఆయనకు అప్పగించాలి. 1111వ నిబంధన ప్రకారం ఆ అప్పగింత ఫలానా వ్యక్తికి అని స్పష్టంగా ఉండాలి. ఒక పెళ్లి కోసమైతే, ఏ పెళ్లి కోసమో నిర్దిష్టంగా ఉండాలి. అన్ని పెళ్లిళ్లకూ కలిపి ఇచ్చే అప్పగింత అయితే తప్పనిసరిగా రాతపూర్వకంగా ఉండాలి. ఇక 131వ నిబంధన, తనకు అధికారం అప్పగించబడిందని చెప్పుకునేవారే దానిని రుజువు చేసుకోవాలంటుంది. అందుచేత ఒకే పెళ్లికైనా కాగితం తీసుకోవడం తెలివైన పని. కాగితం ఆ గురువును కాపాడుతుంది, పెళ్లి చేసుకున్నవారినీ కాపాడుతుంది.

భోజనాల చీటీ కూడా అంతే. అది అప్పగించినవారి చేతిలో ఆయుధం కాదు, పని చేసేవారి చేతిలో రక్షణ. "ఈ కుర్రాడికి బయానా ఇచ్చే అధికారం ఎవరిచ్చారు?" అని ఒక పెద్దమనిషి అడిగిననాడు, అతడు వాదించనక్కరలేదు. చీటీ చూపిస్తే చాలు. అందుకే చీటీకి రెండు ప్రతులుండాలి. ఒకటి పని చేసేవారికి, మరొకటి కోశాధికారికి. అంతేకాదు, ఆదివారం పూజ చివర "ఈసారి భోజనాల ఏర్పాట్లు యువజన సంఘ కార్యదర్శి చూస్తున్నారు, ఆ విషయమై అతనితో మాట్లాడండి" అని అందరికీ తెలియజేయాలి. లేకపోతే కమిటీలోని ప్రతి పెద్దాయన అతనికి వేరువేరు ఆజ్ఞలిస్తారు. పాపం, అందరికీ "సరేనండి" అనవలసి వస్తుంది.

కాగితమే కానక్కరలేదు, ఫోనులో సందేశంగా రాసి పంపినా సరే. కాని మాట్లాడి పంపే వాయిస్ మెసేజీ చాలదు. అంగడిలో నిలబడి, "5,000 అన్నారా, 15,000 అన్నారా" అని వెదకడానికి మళ్లీ మొదటి నుండి వినాలి. రాసినది ఒక్క చూపులో కనబడుతుంది.

చివరి తేదీ ఒక్కటే చాలదు

పండుగ 28న అని అందరికీ తెలుసు. అది గడువు కాదు, గడువు మించితే జరిగే నష్టం. నిజమైన గడువు ఏదంటే, ఆ రోజుకు పని కాలేదని తెలిస్తే ఇంకా సరిదిద్దుకోవడానికి సమయం మిగిలి ఉండేది. చీటీలో 12వ తేదీని ఎందుకు పెట్టారో చూడండి. 14, 15, 16 తేదీలు సంక్రాంతి. ఆ మూడు రోజులు వంటవాళ్లు దొరకరు, కొట్లు సరిగా తీయరు. 12 నాటికి వంటమనిషి కుదరకపోతే అధ్యక్షులవారికి తెలుస్తుంది, పండుగ తర్వాత వేరొకరిని వెదకడానికి పదిరోజులకు పైగా ఉంటుంది. అదే 25వ తేదీన తెలిస్తే దొరికినవారితో, అడిగినంత ఇచ్చి చేయించుకోవలసిందే.

కాబట్టి గడువు పెట్టేటప్పుడు వెనుక నుండి లెక్కించండి. ఈ పని చెడితే దానిని బాగుచేయడానికి ఎన్ని రోజులు కావాలి? అన్ని రోజుల ముందుకు తేదీని జరపండి. ఆ రోజున ఏమి తెలియజేయాలో కూడా రాయండి. 21న "లెక్క నాకు చెప్పు" అని ఉంది. ఒక్క అంకె చెప్పడానికి ఒక నిమిషం చాలు. దానివల్ల మధ్యలో "ఎంతవరకు వచ్చింది, ఎంతవరకు వచ్చింది" అని వేధించే అవసరం ఉండదు.

పని ఎప్పుడు ముగిసినట్లో చెప్పే తేదీ కూడా ముఖ్యమే. శ్రీసభ చట్టంలో 142వ నిబంధన అప్పగించిన అధికారం ఎప్పుడు ముగుస్తుందో చెబుతుంది: అప్పగించిన పని పూర్తయినప్పుడు, ఇచ్చిన కాలం గడచినప్పుడు, ఇంకా మరికొన్ని సందర్భాల్లో. మన చీటీలో అది ఫిబ్రవరి 4. ఈ తేదీ లేకపోతే మిగిలిన 700 రూపాయలు, అరువు తెచ్చిన గరిటె మీద నెలల తరబడి గుసగుసలు నడుస్తాయి.

ఎవరిని అడగాలి?

"సందేహం వస్తే కమిటీవారిని అడుగు" అని రాస్తే ఎవరినీ అడగవద్దని రాసినట్లే. కమిటీలో తొమ్మిదిమంది ఉంటే తొమ్మిది జవాబులు వస్తాయి. ఒక్కొక్క రకం ప్రశ్నకు ఒక్కరే ఉండాలి. వారు అందుబాటులో లేని రోజులకు బదులు ఎవరో ఉండాలి. బదులుగా ఉన్న ఉపదేశిగారికి ఆ సంగతి ముందే చెప్పి, చీటీ చూపించి ఉండాలి. చివరగా, ఎవరూ దొరకని క్షణానికి కూడా ఒక మాట ఉండాలి. అధ్యక్షులవారి చివరి వాక్యం చూడండి: "తర్వాత నేను జవాబు చెప్పుకుంటాను." పనిని అప్పగించవచ్చును గాని, విచారణకు జవాబు చెప్పే బాధ్యతను అప్పగించలేము. పని చెడితే "నేను ఆ కుర్రాడికి చెప్పానండి" అని తప్పుకునే పెద్దలు అసలు అప్పగించనే లేదు, వదిలించుకున్నారంతే.

చీటీ ఎలా పని చేసింది?

ఇప్పుడు మన ఉదాహరణలో మూడు సంఘటనలు ఊహిద్దాము.

మొదటిది. 22వ తేదీన కోడిమాంసం ధర కిలోకు 30 రూపాయలు పెరిగింది. కావలసినది 60 కిలోలు, అంటే 1,800 రూపాయలు అదనం. అంతకుముందు అంచనా 47,500. ఇప్పుడు 49,300 అవుతుంది. హద్దు 1,300 దాటుతుంది. కుర్రవాడు చీటీ చూసుకున్నాడు. కోడికూర తప్పనిసరి, తక్కినవి తన ఇష్టం. మనిషికి 10 రూపాయల లడ్డూ అనుకున్నచోట 5 రూపాయల అరటిపండు పెట్టించాడు. 400 మందికి 2,000 మిగిలింది. మొత్తం 47,300కు దిగింది. ఎవరినీ అడగలేదు, అడగనక్కరలేదు కూడా. అలా సరిపడకపోయి ఉంటే, కొనకముందే కోశాధికారిగారి దగ్గరకు వెళ్లి ఉండేవాడు.

రెండవది. ఊళ్లో కలిగిన ఒకాయన "అందరికీ ఐస్‌క్రీం నేను ఇస్తాను, షామియానా దగ్గర నా పేరుతో బ్యానరు కట్టండి" అన్నాడు. పెద్దమనిషి, కాదంటే కోపం. ఒప్పుకుంటే రేపు రాజకీయం. ఇరవై రెండేళ్ల కుర్రవాడి మీద ఆ బరువు పడకూడదు. అతడు "గుడి పేరు మీద ఏదైనా తీసుకునే అధికారం నాకు లేదండి, దయచేసి అధ్యక్షులవారితో మాట్లాడండి" అన్నాడు. హద్దు అతణ్ణి కాపాడింది.

మూడవది. పండుగనాడు ప్రదక్షిణ ఆలస్యమై పూజ 12.15కు ముగిసింది. నాలుగు బంతులు అయ్యేసరికి 2.20 అవుతుంది. ఊళ్ల నుండి వచ్చినవారు వెనుక కూర్చున్నందున చివరి బంతికి మిగిలిపోతారు. బస్సు స్టాపు పది నిమిషాల నడక. అధ్యక్షులవారు గురువుల వెంట అతిథుల మధ్య ఉన్నారు. కార్యదర్శి, వడ్డన చేసేవారిని పిలిచి, ఊళ్లవారిని ముందుగా మొదటి రెండు బంతుల్లో కూర్చోబెట్టాడు. 1.20కల్లా వారి భోజనం అయింది. స్థానికులు కొందరు గొణిగారు. కాని బస్సు మాట చీటీలో ఉంది గనుక, ఏది ముందో అతనికి తెలుసు. చీటీలో "12 గంటలకు వడ్డించు" అని మాత్రమే ఉంటే, ఆ గడియ దాటిన తర్వాత దానికి అర్థమే ఉండేది కాదు.

"అర్థమైందా?" అని అడగకండి

చీటీ ఇచ్చి "అర్థమైందా?" అంటే మన పిల్లలు "అయిందండి" అనే అంటారు. కాలేదని చెప్పడం పెద్దలకు ఎదురుచెప్పినట్లని వారి భయం. దానికి బదులు "రేపు ముందుగా ఏమి చేస్తావు?" అని అడగండి. "చీటీలో నాకు తప్పు రాసిందేమైనా ఉందా? ఈ డబ్బుకు ఇది అవుతుందంటావా?" అని అడగండి. అతడు తన మాటల్లో చెబుతున్నప్పుడు ఎక్కడ తడబడితే అక్కడే చీటీ సరిగా లేదు. అప్పుడు దిద్దవలసినది అతణ్ణి కాదు, చీటీని. 48,000కు కాదని అతడు చెబితే, ఆ బేరం జనవరి 7న తేలాలి గాని 27న కాదు. మధ్యలో మీరే ఏదైనా మార్చవలసి వస్తే, నోటితో అనకుండా అదే చీటీ మీద తేదీ వేసి రాయండి, కోశాధికారి ప్రతిలో కూడా దిద్దండి.

చీటీ పనిచేయడం లేదని తెలిపే గుర్తులు రెండు. రోజూ వచ్చి చిన్న చిన్నవి అడుగుతుంటే, హద్దులు స్పష్టంగా లేవని అర్థం. ముందు పెట్టిన తేదీ నాడు కూడా ఏ కబురూ రాకపోతే, పని నిలిచిపోయిందని అర్థం. మొదటిదానికి విసుక్కోకండి, రెండవదానికి ఊరుకోకండి.

అయితే ప్రతి పనికీ చీటీ అవసరం లేదు. గుడి గంట కొట్టమనడానికి, పాలు తెమ్మనడానికి రాత ఎందుకు? డబ్బు చేతులు మారేది, ఒక రోజుకు మించి నడిచేది, మూడవవారితో మాట్లాడవలసినది, ఈ మూడింటిలో ఏ ఒక్కటి ఉన్నా రాయడం మంచిది.

ఇంటిలో చేయవలసినది

ఈ వారం మీ ఇంటిలో అలాంటి పని ఒకటి తీసుకోండి. పట్నంలో ఉన్న అన్నయ్య, ఊళ్లో ఉన్న తమ్ముడికి అమ్మ కంటి ఆపరేషన్ సంగతి అప్పగిస్తున్నాడనుకోండి. ఇన్ని మాటలు చాలు: "తమ్ముడూ, ఈ నెల 20 లోపల అమ్మ కుడికంటికి శుక్లం ఆపరేషన్ అయి ఇంటికి రావాలి. ఖర్చు 25,000 వరకు నువ్వే నిర్ణయించు, దాటితే ముందు నాకు ఫోను చెయ్యి. షుగరు పరీక్ష చేయించి డాక్టరుగారు సరేనంటేనే ఆపరేషన్, ఇందులో మాత్రం తొందరపడవద్దు. ఏ ఆసుపత్రి, ఏ రోజు అన్నది నీ ఇష్టం. 10వ తేదీకి ఆసుపత్రి ఖాయమైందో లేదో నాకు రాయి. నేను ఫోను ఎత్తకపోతే వదినను అడుగు, తను చెప్పినది నేను చెప్పినట్లే."

రాసిన తర్వాత మళ్లీ ఒకసారి చదవండి. ఏమి జరగాలి, ఎంతవరకు, ఎప్పటికి, ఎవరిని? నాలుగూ ఉంటే తమ్ముడి చేతిలో పెట్టండి. ఏదైనా ఒకటి లేకపోతే, ఆ లోటు పూడ్చడానికి ఇప్పుడైతే ఒక వాక్యం చాలు.